మనసు కవి మనసును లెక్కపెడితే

మొన్న వేసవిలో ఒక పెళ్లింట భోజనాల దగ్గర ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాలో మనసు అన్న మాటతో మొదలయ్యే పాట మైకులో వినిపించింది. పక్క బంతిలో కూర్చున్న పెద్దాయన పప్పన్నం కలుపుతూనే తల ఊపి, “ఆత్రేయ తప్ప ఇంకెవరు రాస్తారయ్యా ఇలాంటిది!” అన్నాడు. అది శ్రీశ్రీ రాసిన పాటండీ అని నేను నోరు జారాను. ఆయన ఒప్పుకోలేదు. “పాటలో మనసు ఉంది కదయ్యా, ఇంకా సాక్ష్యం దేనికి?” అన్నాడు. పెరుగు వడ్డించేదాకా వాదించుకున్నాం. ఇద్దరం ఓడిపోలేదు.

పెద్దాయన చెప్పిన పాట తప్పుగానీ, ఆయన వాదించిన తీరు తప్పు కాదు. ఫలానా మాట ఎక్కువగా వాడతాడు కాబట్టి ఇది ఫలానా కవి పాట అనడం శైలిని గుర్తుపట్టే పద్ధతుల్లో చాలా పాతది. ఆత్రేయకు ‘మనసు కవి’ అని పేరు పెట్టినవాళ్లు చేసిందీ అదే. ఆ బిరుదులో ఒక లెక్క దాగి ఉంది: ఈయన మనసు అన్న మాటను మిగతావాళ్ల కంటే ఎక్కువ వాడాడు. లెక్క అన్నాక తేల్చి చూడొచ్చు కదా! తేల్చబోతే ఏమవుతుందో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు లెక్కపెట్టాల్సిన సరుకు పోగుచేయాలి. ఆత్రేయ, అంటే కిళాంబి వెంకట నరసింహాచార్యులు, నాటకాల నుంచి సినిమాకు వచ్చాడు. 1951లో ‘దీక్ష’తో పాటల రచయితగా మొదలై, 1989లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నాడు. రాసి జనాన్నీ, రాయకుండా నిర్మాతలనూ ఏడిపించాడన్న చమత్కారం ఆయన మీద ఇప్పటికీ తిరుగుతోంది. అలా ఏడిపిస్తూనే వెయ్యికి పైగా పాటలు రాశాడు. నటుడు కొంగర జగ్గయ్య పూనికతో ఆయన రచనలు ‘ఆత్రేయ సాహితి’ పేరుతో సంపుటాలుగా వచ్చాయి కాబట్టి పని కొంత సులువు.

కొంతే. ఎందుకంటే ఆ రోజుల్లో ఒక సినిమాకు ఒక్క కవే రాయడం అరుదు. ‘మూగమనసులు’ (1964)లో ఆత్రేయతో పాటు దాశరథి, కొసరాజు పాటలున్నాయి. గోదారి గట్టు పాట దాశరథిది. ఆత్రేయ స్వయంగా దర్శకత్వం వహించిన ‘వాగ్దానం’ (1961)లో కూడా శ్రీశ్రీ, దాశరథి రాశారు. సినిమాపేరు చూసి పాటలన్నీ ఒకే కవి ఖాతాలో వేస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది. పెళ్లింట పెద్దాయన చేసిన పొరపాటే అంకెల రూపంలో మళ్లీ వస్తుంది. పైగా అది తనను తాను బలపరచుకునే పొరపాటు. మనసు ఉన్న పాటలన్నీ ఆత్రేయవే అని ఆయన పేర రాసుకుంటూ పోతే, చివరికి ఆత్రేయ పాటల్లోనే మనసు ఎక్కువని తేలకుండా ఎలా ఉంటుంది? అందుకని పాట పాటకూ కర్తను నిర్ధారించుకున్న తర్వాతే పెన్సిలు పట్టాలి. అనుమానం ఉన్న పాటను పక్కన పెట్టేయాలి.

ఇక లెక్కపెట్టడం. ఇంగ్లీషులోనైతే రెండు ఖాళీల మధ్య ఉన్నది ఒక మాట. తెలుగులో ఆ లెక్క చెల్లదు. మనసు అన్న మాట పాటల్లో మనసుగా ఒంటరిగా కనిపించేది కొన్నిసార్లే. మనసా, మనసే, మనసున, మనసులో, మనసైన, మనసంటే, మనసొక, మనస్సు... విభక్తి చేరుతుంది, సంధి కలుస్తుంది, పిలుపు అవుతుంది. కంప్యూటరులో పాటల పాఠం పెట్టుకుని మనసు అని వెతికితే చివర ఉకారం ఉన్నవి మాత్రమే దొరుకుతాయి. మనసా దొరకదు, మనసంటే దొరకదు. ఆ చివరి కొమ్ము తీసేసి మనస అన్న మూడు అక్షరాలు వెతికితే పైన చెప్పినవన్నీ వలలో పడతాయి. ద్విత్వం ఉన్న మనస్సు కూడా పడుతుంది. ‘మన సభ’, ‘మన సమాజం’ లాంటివాటిని ఎవరైనా కలిపి టైపు చేసి ఉంటే అవీ పడతాయి. వాటిని చేత్తో ఏరి పారేయాలి.

మనసు ఒక్కటే లెక్కపెట్టినా చాలదు. కవి ఒకచోట మనసు అంటాడు, ఇంకోచోట మది, ఎద, గుండె, హృదయం అంటాడు. వీటిని కూడా పట్టుకుంటేనే ఆయనకు ఏ మాట మీద మమకారమో తెలుస్తుంది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు మది అని వెతికి, వచ్చిన అంకె చూసి సంబరపడ్డాను. తర్వాత ఒక్కొక్కటే తెరిచి చూస్తే సగం చోట్ల ‘నెమ్మది’ కూర్చుని ఉంది. నెమ్మదిలో చివరి రెండక్షరాలు మదే కదా! ఎద అని వెతికితే ఎదురు, ఎదుట, ఎదిగే అన్నీ వరసకట్టాయి. ‘అభినందన’ (1988)లో ఒక ఆత్రేయ పాట పల్లవిలోనే ఎదుట, ఎద పక్కపక్కన వస్తాయి. వినేవాడికి అది ముచ్చటైన ధ్వని. యంత్రానికి మాత్రం రెండూ ఒకటే. ఇంకో చిక్కు, ఆ ఎదనే చాలామంది యెద అని రాస్తారు. కాబట్టి తెలుగులో యంత్రం ఇచ్చిన అంకెను ముసాయిదాగా మాత్రమే చూడాలి. ప్రతి పంక్తినీ మనిషి చదవాల్సిందే.

చదివేటప్పుడే పల్లవి సంగతి కూడా తేల్చుకోవాలి. పల్లవి ప్రతి చరణం తర్వాతా తిరిగి వస్తుంది. రికార్డు విని రాసుకున్న పాఠంలో అది నాలుగైదుసార్లు ఉంటుంది. పుస్తకంలో అచ్చయిన పాఠంలో ఒక్కసారే ఉంటుంది. పల్లవిలో మనసు ఉన్న పాట ఒక్కటి చాలు, లెక్క తలకిందులు కావడానికి. కవి ఆ మాటను ఒకసారే రాశాడు. దాన్ని నాలుగుసార్లు పాడించింది సంగీత దర్శకుడు. అందుకని పల్లవిని ఒక్కసారే లెక్కించాలి. మాట మొత్తం ఎన్నిసార్లు వచ్చిందన్న అంకె పక్కనే, అది ఎన్ని పాటల్లో వచ్చిందన్న అంకె కూడా రాసుకోవాలి. నా ఉద్దేశంలో ఈ రెండో అంకే పెద్దది. ఒకే పాటలో ఇరవైసార్లు వచ్చిన మాట ఆ పాట గుణం చెబుతుంది. ఇరవై పాటల్లో ఒక్కొక్కసారి వచ్చిన మాట కవి గుణం చెబుతుంది.

సరే, అంకె వచ్చిందనుకుందాం. అదొక్కటే ఏమీ చెప్పదు. తెలుగు సినిమా పాటలో మనసు ఎవరు వాడలేదు? ఆత్రేయ తొలి సినిమా పాట వచ్చిన 1951లోనే ‘మల్లీశ్వరి’ కూడా వచ్చింది. అందులో మనసుతో మొదలయ్యే పాట దేవులపల్లి కృష్ణశాస్త్రిది. అంటే ఆత్రేయ వచ్చేనాటికే ఆ మాట గాలిలో ఉంది. ఆత్రేయ దాన్ని ఎక్కువ వాడాడనాలంటే, అదే కాలంలో అదే రకం సినిమాలకు శ్రీశ్రీ, ఆరుద్ర, దాశరథి, సినారె రాసిన పాటల పక్కన పెట్టి చూడాలి. పౌరాణికాల పాటలను సాంఘికాల పాటలతో పోల్చకూడదు. విషాదగీతాలను జానపదాలతో పోల్చకూడదు.

పోలిక ఎలా చేస్తారో ఊహించిన అంకెలతో చూపిస్తాను. ఇవి ఆత్రేయవి కావు, పద్ధతి తెలియడానికి వేసుకున్నవి. ఒక కవి 100 పాటల్లో 10,000 మాటలున్నాయి, వాటిలో మనసు 80 సార్లు వచ్చింది. సమకాలికుల 400 పాటల్లో 40,000 మాటలు, మనసు 160 సార్లు. ఎవరికెక్కువ? మొత్తం చూస్తే సమకాలికులకే. కానీ పదివేల మాటలకు ఎంత అని చూస్తే కవికి 80, వాళ్లకు 40. సరిగ్గా రెట్టింపు. బిరుదు నిలబడ్డట్టే కనిపిస్తుంది.

ఇక్కడ ఆగకూడదు. ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమాల పేర్లు ఒకసారి చూడండి: ‘మంచి మనసులు’ (1962), ‘మూగమనసులు’ (1964), ‘తేనె మనసులు’ (1965), ‘కన్నె మనసులు’ (1966). సినిమా పేరులోనే మనసు ఉన్నప్పుడు పాటలోకి ఆ మాట రావడం కవి ఇష్టమా, కథ అవసరమా? తర్వాత బాలచందర్ ‘గుప్పెడు మనసు’ (1979) అన్నాడు. మన ఊహా లెక్కలో ఇలాంటి సినిమాల పాటలను రెండు వైపుల నుంచీ తీసేశామనుకోండి. కవికి 9,000 మాటల్లో 50, మిగతావాళ్లకు 38,000 మాటల్లో 150 మిగిలాయనుకోండి. పదివేలకు లెక్కిస్తే కవికి దాదాపు 56, వాళ్లకు 39. రెట్టింపు ఉన్నది ఒకటిన్నర కంటే కాస్త తక్కువకు దిగింది. తేడా మిగిలే ఉంది, కానీ అందులో కొంత భాగం కవిది కాదు, పేరు పెట్టినవాళ్లది. ఏ బిరుదునైనా ఇలా ఒక్కో పొర ఒలిచి చూడాలి. అన్నీ ఒలిచాక మిగిలిందే కవి సొంతం.

ఒలవాల్సిన పొర ఇంకొకటుంది. అది చందస్సు తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. మనసు అంటే మూడు లఘువులు, నగణం. మది, ఎద రెండేసి లఘువులు. గుండె గురువు తర్వాత లఘువు. హృదయం రెండు లఘువుల మీద గురువు, సగణం. సినిమాలో చాలాసార్లు బాణీ ముందు, మాట తర్వాత. బాణీలో మూడు తేలిక అక్షరాల చోటు ఖాళీగా కనిపిస్తే అందులో గుండె ఇమడదు, మనసు ఇట్టే ఇముడుతుంది. అప్పుడు ఆ మాటను ఎంచింది కవి హృదయమా, హార్మోనియమా? గాయకుడు అచ్చును సాగదీస్తాడు కాబట్టి ఈ లెక్క కూడా నిక్కచ్చిది కాదు. అయినా ఒక పరీక్ష ఉంది. మనసు, మది, ఎద, గుండె, హృదయం అన్నీ కలిపి కవికీ సమకాలికులకూ ఎంతెంతో చూడాలి. మొత్తం సమానంగా ఉండి, మనసు వాటా మాత్రమే ఎక్కువుంటే అది మాట మీద మక్కువ, లేదా బాణీ బలవంతం. మొత్తమే ఎక్కువుంటే అది వస్తువు మీద మక్కువ. ఈ రెండూ ఒకటి కావు. మనసు కవి అన్న బిరుదు ఇచ్చినవాళ్లు రెండోదాన్ని ఉద్దేశించారనే నేను అనుకుంటాను.

ఇంతదాకా వచ్చాక మూడు పాటలు పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. మూడూ మనసు అన్న మాటతోనే మొదలవుతాయి. 1951లో కృష్ణశాస్త్రి ‘మల్లీశ్వరి’ పాట, 1964లో శ్రీశ్రీ ‘డాక్టర్ చక్రవర్తి’ పాట, 1971లో ఆత్రేయ ‘ప్రేమ్‌నగర్’ పాట. యంత్రానికి మూడు పాటలూ ఒకటే, మూడింటికీ తలా ఒక గీత పెట్టి ఊరుకుంటుంది. వ్యాకరణం తెలిసినవాడు ఊరుకోలేడు.

కృష్ణశాస్త్రి పాటలో మనసుకు సప్తమి విభక్తి. మనసు ఒక చోటు. అక్కడ మల్లెలున్నాయి, ఊగడం ఉంది, వెన్నెల ఉంది. ఏ పెరటినో వర్ణించినట్టు మనసును వర్ణిస్తాడు. జరిగేదంతా ఆ చోట్లో జరుగుతుంది, మనసు మాత్రం ఏమీ చేయదు. శ్రీశ్రీ పాటలోనూ అదే సప్తమి, అదే ‘న’ ప్రత్యయం. కానీ అక్కడ ఒక మనసు కాదు, రెండు. ఒకరి మనసులో ఇంకొకరు మనసై నిలవాలి. మనసు అంటే తోడు. ప్రపంచంలో ఒంటరితనం ఉంది, దానికి ఇంకో మనిషి మందు అన్న ఆలోచన ఆ పాటది. ఆత్రేయ పాటలో విభక్తి పోయింది. మనసుకు ఒక గతి ఉంది, దాన్ని ఎవరూ మార్చలేరు. మనసు వేరు, మనిషి వేరు. మనిషికి మనసు ఉండటమే ఆ మనిషి దురదృష్టం. ఇక్కడ మనసు చోటు కాదు, తోడూ కాదు. దాని బతుకు దానికుంది, దానివల్ల మన బతుకు ఇలా ఏడ్చింది అన్న నిష్ఠూరం.

మూడింటిలో ఆత్రేయదే గొప్పదని నేను అనడం లేదు. నన్నడిగితే మల్లెలదే అందమైన పాట. అయితే ముగ్గురి శైలి తేడా ఆ మాటను ఎన్నిసార్లు వాడారన్నదాంట్లో లేదు, ఆ మాటకు వాక్యంలో ఏ ఉద్యోగం ఇచ్చారన్నదాంట్లో ఉంది. అందుకే మంచి లెక్క రాసేవాళ్లు మాట పక్కన ఇంకో గడి గీసుకుంటారు. అక్కడ మనసు కర్తా, కర్మా, చోటా, పిలుపా అని నమోదు చేస్తారు. దాని పక్కన ఇంకో గడిలో, మనసుకు అటూ ఇటూ నాలుగైదు మాటల దూరంలో ఏ మాటలు వచ్చాయో రాస్తారు. ‘ప్రేమ్‌నగర్’ పాటలో ఆ గడిలోకి వచ్చేది మనిషి. మనసు, మనిషి: వినడానికి అన్నదమ్ముల్లాంటి మాటలు, అర్థంలో ఎదురుబొదురు. ఈ జంట ఒక్క పాటలోనే ఉందా, పదేళ్ల ముందూ పదేళ్ల తర్వాతా ఉందా అన్నది వెతకాల్సిన విషయం. ఒక్కో మాటను లెక్కించడం కంటే ఇలాంటి జంటలను లెక్కించడమే నాకు ఎక్కువ ఫలం ఇచ్చినట్టు అనిపించింది.

మాటల తర్వాత పోలికలు. ఇక్కడ యంత్రం దాదాపుగా చేతులెత్తేస్తుంది. ఏటి పోలిక ఉందా అని వెతకడానికి ఏరు అన్న మాట ఉండక్కర్లేదు. తీరం, తెడ్డు, సుడి, వరద, రేవు ఉంటే చాలు. ఏరు అన్న మాట ఉన్నంత మాత్రాన పోలిక ఉన్నట్టూ కాదు. ‘మూగమనసులు’లో నాయకుడు గోదావరి మీద పడవ నడిపేవాడు. ఆ సినిమా పాటలో పడవ వస్తే అది కథలో ఉన్న పడవే, కవి తెచ్చిన పడవ కాదు. నాయకుడు పట్నంలో మేడ మీద ఉన్నప్పుడు పాటలోకి పడవ వస్తే, అది కవి తెచ్చింది. కాబట్టి పోలికలు ఏరేవాడు పాటొక్కటే చదివితే కుదరదు, సన్నివేశం కూడా తెలియాలి.

పోలికలను నమోదు చేయడానికి మన అలంకార శాస్త్రం ఎప్పుడో గడులు గీసిచ్చింది. దేన్ని పోల్చారో అది ఉపమేయం, దేనితో పోల్చారో అది ఉపమానం. ఒక కాగితం మీద ఈ రెండు గడులు గీసి ‘గుప్పెడు మనసు’లో బాలమురళీకృష్ణ పాడిన ఆత్రేయ పాటను నింపి చూడండి. ఉపమేయం గడిలో మొదటి నుంచి చివరిదాకా ఒకటే మాట: మనసు. ఉపమానం గడి మాత్రం నిండిపోతుంది. చీకటి గుహ, నాటకరంగం, తెగిన గాలిపటం, వల, ఉయ్యాల, దయ్యం. ఇన్ని వస్తువులూ ఒకే మనసుకు. వీటిలో కొన్ని మూసి ఉన్న చోట్లు, కొన్ని నిలకడ లేనివి, కొన్ని మోసం చేసేవి. పూలు లేవు, వెన్నెల లేదు. కృష్ణశాస్త్రి పాటకు ఇదే కాగితం నింపితే వచ్చే గడి వేరే లోకంలా ఉంటుంది.

ఈ పాటలో ఇంకో సంగతి ఉంది. మనసును కవి పిలుస్తున్నాడు. నువ్వు ఇలా చేస్తావు, అలా చేస్తావు అని ఎదురుగా నిలబెట్టి అడుగుతున్నాడు. అందుకే పాటంతా ‘వు’తో ముగిసే మధ్యమ పురుష క్రియలు. చూడటానికి అది అంత్యప్రాస. లోపల అది తగవు. శైలిని లెక్కించేవాళ్లు ఇలాంటి చిన్న ప్రత్యయాలను పెద్ద మాటల కంటే ఎక్కువ నమ్ముతారు. మనసు అన్న మాటను ఎవడైనా ఆత్రేయను అనుకరించడానికి వాడగలడు, వాడారు కూడా. క్రియ చివర ఏ ప్రత్యయం ఎంత తరచుగా పడుతుందో, ప్రశ్నలు ఎన్ని వేస్తాడో, కానీ, అయినా ఎక్కడ పెడతాడో రాసేవాడికే తెలియదు. తెలియనిదాన్ని ఇంకొకడు అనుకరించడం కష్టం.

పోలికలు ఏరేటప్పుడు నేను తరచూ తడబడిన చోటు ఒకటి చెప్పాలి. మనసు విరిగింది, మనసు కరిగింది, మనసు పారేసుకున్నాడు, మనసు ఇచ్చింది. వీటిలో పోలిక ఉందా లేదా? ఒకప్పుడు ఉంది. విరగడానికి అది కొమ్మ కాదు, కరగడానికి వెన్న కాదు. కానీ ఇప్పుడు ఈ మాటలు కూరగాయల బేరంలో కూడా దొర్లుతాయి. ఇవి తెలుగువాళ్ల పోలికలు, కవివి కావు. వీటిని కవి ఖాతాలో వేస్తే ప్రతి తెలుగు పాటల రచయితా మనసు కవే అవుతాడు. వేరే పట్టీలో రాసుకోవాలి. అయితే అరిగిపోయిన పలుకుబడిని పట్టుకుని కవి దానికి మళ్లీ ప్రాణం పోస్తే, విరిగిన మనసును అతికించడానికి ప్రయత్నం మొదలుపెడితే, అప్పుడు అది కవి పోలికే. ఏది అరిగింది, ఏది బతికింది అన్నది చదివేవాడి మీద ఆధారపడుతుంది. కాబట్టి ఒక్కరే చేయకూడదు. ఇద్దరు విడివిడిగా ఒకే పాటలకు కాగితాలు నింపి, తర్వాత పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకోవాలి. మరీ ఎక్కువ తేడాలొస్తే తప్పు పాటల్లో లేదు, గడుల్లో ఉంది.

ఇంగ్లండులో కరోలిన్ స్పర్జన్ అనే ఆవిడ షేక్‌స్పియర్ నాటకాల్లోని పోలికలన్నిటినీ ఇలాగే ఏరి, రకాలుగా విభజించి 1935లో పుస్తకం వేసింది. ముఖస్తుతి చేసేవాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా షేక్‌స్పియర్‌కు నాకే కుక్కలూ కరిగిపోయే మిఠాయిలూ కలిసి గుర్తుకొస్తాయని పసిగట్టింది. ఒక్క పోలికను కాదు, పోలికల గుంపును పట్టుకోవడమంటే అదీ. అంతవరకు చక్కగా ఉంది. తర్వాత ఆ పోలికల నుంచి షేక్‌స్పియర్ ఎలాంటివాడో, ఏవంటే ఇష్టమో, ఏవంటే అసహ్యమో చెప్పబోయి విమర్శకుల చేత చీవాట్లు తింది. మనకూ ఆ ప్రలోభం ఉంది. ‘గుప్పెడు మనసు’ పాటలో నాటకరంగం ఉంది. ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ లాంటి నాటకాలు రాసిన మనిషి. ఇంకేం, నాటకాల అనుభవమే మనసును రంగస్థలం చేసిందని రాసేయాలని చేయి దురద పెడుతుంది. కానీ జగమే నాటకం అన్న మాట మన ఊళ్లో నాటకం చూడనివాడి నోట్లో కూడా ఉంటుంది. ఆత్రేయ పాటల్లో రంగస్థలం మళ్లీ మళ్లీ వస్తే, తెర, వేషం, ప్రాంప్టరు లాంటి లోపలి సామాను వస్తే, అప్పుడు ఆలోచించవచ్చు. ఒక్క పాటతో జీవితచరిత్ర రాయకూడదు.

మౌనం విషయం అలా కాదు, వెతకడానికి తగిన జాడ. 1964లో ఒక సినిమా పేరు ‘మూగమనసులు’. అందులో ఆత్రేయ పాటలో మూగతనాన్ని కళ్లకు అంటగట్టాడు. పదిహేనేళ్ల తర్వాత ‘గుప్పెడు మనసు’ పాటలో మనసు మూగది, మౌనమే దాని భాష. మొదటిదాన్ని సినిమా పేరు లాక్కొచ్చిందనుకున్నా, రెండోదానికి ఆ వంక లేదు. ఆ సినిమా పేరులో గుప్పెడు ఉంది, మూగ లేదు. కథ, దర్శకుడు, సంగీతం, దశాబ్దం అన్నీ మారినా ఒక పోలిక నిలిచిందంటే, అది కవి వెంట నడిచివచ్చిందని అనుమానించడానికి ఆస్కారం ఉంది. రెండు పాటలతో అనుమానమే, తీర్పు కాదు. మధ్యలో ఆ పదిహేనేళ్ల పాటలన్నీ తీసి మూగ, మౌనం, మాటరాని, పెదవి విప్పని లాంటివన్నీ ఏరి చూడాలి. సమకాలికుల పాటల్లోనూ చూడాలి. ప్రేమ పాటలో మౌనం ఎవరి సొత్తూ కాదు కదా.

ఇంతకీ పెద్దాయనకు నేను చెప్పాల్సింది ఇదీ. ఆత్రేయ మనసు కవే. అయితే ఆ మాటను ఎక్కువసార్లు వాడినందుకు కాదు. మనసును మనిషి నుంచి విడదీసి, ఎదురుగా కూర్చోబెట్టి, నువ్వెందుకిలా చేశావని నిలదీసినందుకు. అలా నిలదీసే పాట మనసు అన్న మాటే లేకుండా వినిపించినా ఆయనది కావచ్చేమో చూడాలి. అలా నిలదీయని పాటలో ఆ మాట పదిసార్లున్నా తొందరపడకూడదు. ‘డాక్టర్ చక్రవర్తి’ పాట మనసుతో పోట్లాడదు, తోడు వెతుక్కుంటుంది. అదొక్కటి గమనించినా ఆ రోజు పెరుగన్నం ప్రశాంతంగా తినేవాళ్లం.

చివరగా ఒక మనవి. ఒకప్పుడు సినిమా హాళ్ల దగ్గర పలచటి పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. పాట పైన రచన ఫలానా, గానం ఫలానా అని ఉండేది. ఇప్పుడు దొరికే పాఠాల్లో చాలావాటికి గాయకుడి పేరు ఉంటుంది, సంగీత దర్శకుడి పేరు ఉంటుంది, రాసినవాడి పేరు ఉండదు. మీ ఇంట్లో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఆ పుస్తకాలుంటే చిత్తు కాగితాలవాడికి వేయకండి. కనీసం ఆ పేజీలు ఫోటో తీసి, మీకు దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.